ఒకే సీతాకోకచిలుక, రెండు వేషాలు: ఫోటో చూసి పేరు చెప్పేటప్పుడు ఎక్కడ పొరబడతాం?

వానలు పడ్డాక వరంగల్‌లో ఏ ఖాళీ ప్లాట్‌కి వెళ్లినా గడ్డి చేమంతి పూల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు కనిపిస్తాయి. రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లటి పట్టీ. ఫోన్ తీసి క్లిక్ కొట్టి ఐనాచురలిస్ట్‌లో పెడితే ఎక్కువసార్లు వచ్చే పేరు 'ప్లెయిన్ టైగర్'. చాలాసార్లు అది కరెక్టే. కానీ అందులో కొన్ని ప్లెయిన్ టైగర్లు కావు, 'డనైడ్ ఎగ్‌ఫ్లై' ఆడవి.

అసలు తిరకాసు ఏంటంటే, డనైడ్ ఎగ్‌ఫ్లై మగది చూడ్డానికి వేరే లోకపు పురుగులా ఉంటుంది. నల్లటి మఖమల్ లాంటి రెక్కలు, ఒక్కో వైపు మూడు తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా-నీలం మెరుపు. ఈ రెండూ ఒకే జాతి అంటే కొత్తవాళ్లు నమ్మరు.

ఆడదానికి ఆ వేషం ఎందుకు? ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకులు తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట ఆ నారింజ రంగు జోలికి మళ్లీ రాదు. ఎగ్‌ఫ్లై గొంగళిపురుగు మాత్రం మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర లాంటివి తిని పెరుగుతుంది. దానికి ఆ విషం లేదు, అందుకే ఆడది విషమున్నదాని వేషం వేసుకుంటుంది. పిట్టల్ని మోసం చేయడానికి తయారైన వేషం అది, మన కెమెరా కూడా పడిపోవడంలో వింతేముంది!

మరి ఫోటోలో పట్టుకోవడం ఎలా? రంగుని వదిలేసి వెనక రెక్క మధ్యలో చూడండి. ప్లెయిన్ టైగర్‌కి అక్కడ మూడు చిన్న నల్ల చుక్కలు ఉంటాయి. మగదైతే నాలుగోది కూడా, అది దాని వాసన సంచి. ఎగ్‌ఫ్లై ఆడదానికి ఆ గుంపు ఉండదు, పై అంచు దగ్గర ఒకే ఒక్క నల్ల మచ్చ. ఇంకో గుర్తు, ఎగ్‌ఫ్లై వెనక రెక్క అంచు కాస్త అలలు అలలుగా ఉంటుంది.

ఇక్కడే ఫోన్ సెట్టింగ్స్ పనికొస్తాయి, చెడగొడతాయి కూడా. పోర్ట్రెయిట్ మోడ్ వాడితే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రెక్క అంచుని కూడా తినేస్తుంది, అలలు మాయం. అల్ట్రావైడ్ మ్యాక్రో కోసం దగ్గరికి పోతే అది ఎగిరిపోతుంది. మా ఓటు 2x లేదా 3x జూమ్‌కే, రెండడుగుల దూరం నుంచి, బర్స్ట్‌లో. ఒక ఉదాహరణ చూద్దాం. భద్రకాళి చెరువు దగ్గర మూడు షాట్లు తీశారనుకోండి. మొదటిది పక్కనుంచి, రెక్కలు మూసి ఉన్నాయి. రెండోది కదిలిపోయింది. మూడో దాంట్లో రెక్కలు విప్పి ఉన్నాయి, వెనక రెక్క మధ్యలో చుక్కలు లేవు. అది ఎగ్‌ఫ్లై. కానీ కదిలిన రెండో షాట్‌లో చుక్కలు కనపడలేదని అదే తీర్పు ఇవ్వకూడదు. ముందు రెక్క వెనకదాన్ని కప్పేసినా అంతే.

మగదాని విషయంలో ఇబ్బంది వేరు. ఆ నీలం రంగు పెయింట్ లాంటిది కాదు, పొలుసుల మీదున్న సన్నటి నిర్మాణాల మీద వెలుగు పడి పుడుతుంది. కోణం మారితే మాయమవుతుంది. ఒకే యాంగిల్‌లో తీస్తే ఒట్టి నలుపు-తెలుపు బొమ్మ వస్తుంది, కాస్త పక్కకి జరిగి ఇంకో షాట్ తీయండి.

తప్పు పేరు పడితే నష్టమేంటి? ఐనాచురలిస్ట్‌లో కనీసం ఇద్దరు ఒకే పేరు చెప్పి, మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఒప్పుకుంటే అది 'రీసెర్చ్ గ్రేడ్' అవుతుంది. లైసెన్స్ అనుమతిస్తే జీబీఐఎఫ్ డేటాబేస్‌కీ వెళ్తుంది. మొదటివాడి పొరపాటుకి రెండోవాడు తల ఊపితే చాలన్నమాట. ఆడవన్నీ ప్లెయిన్ టైగర్ ఖాతాలో పడితే మ్యాప్‌లో మిగిలేవి మగవే.

పిట్టల్లోనూ ఇదే కథ. కోకిల అనగానే నల్లగా, ఎర్ర కళ్లతో గుర్తొచ్చేది మగది. ఆ 'కుహూ' కూడా మగదే. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, తోక మీద అడ్డ చారలు. వేపచెట్టు కొమ్మల మధ్య నుంచి తీసిన ఫోటోలో అది ఏ డేగ పిల్లో అనిపిస్తుంది. ముక్కు చూడండి. డేగకి కొక్కెంలా వంగి ఉంటుంది, కోకిలకి లేత ఆకుపచ్చగా, బలంగా ఉంటుంది కానీ అలా వంగదు. ఎర్ర కన్ను మాత్రం ఆడ, మగ రెండిటికీ ఉంటుంది. ముక్కు కొమ్మ చాటున పడితే వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పది సెకన్లు ఉంచండి. 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తూ ఎగిరిపోతే అది ఆడ కోకిల.