కెపాసిటర్ రేకుల మధ్య ఏ కరెంటు?

సీలింగ్ ఫ్యాను కప్పు విప్పి చూస్తే లోపల ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. చాలా ఫ్యాన్లలో దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. అదే కెపాసిటర్. లోపల పలుచని లోహపు పొరలు రెండు, వాటిని విడదీస్తూ ప్లాస్టిక్ పొర. ఆ ప్లాస్టిక్‌ను దాటి ఎలక్ట్రాన్లు అటునుంచి ఇటు రావు. వస్తే కెపాసిటర్ చెడిపోయిందని అర్థం. కానీ ఇలాంటి కెపాసిటర్‌నే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏసీకి నేరుగా కలిపితే, దాని రెండు తీగల్లోనూ సుమారు 0.18 ఆంపియర్ల కరెంటు నడుస్తుంది. ఒక తీగలో ఎంతో రెండో తీగలోనూ అంతే. మధ్యలో మాత్రం దారి మూసి ఉంది.

మరి ఆ మధ్యలో ఏమవుతోంది? దీనికి జవాబు కోసం వెతికితే, అయస్కాంత క్షేత్రం గురించి అప్పటిదాకా నమ్ముతూ వచ్చిన ఒక నియమాన్నే సరిదిద్దుకోవాల్సి వస్తుంది.

ఎలక్ట్రీషియన్ల దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటుంది. తీగను తెంచనక్కర్లేదు, తాకనక్కర్లేదు. దవడలు తెరిచి తీగ చుట్టూ మూస్తే లోపల ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. కరెంటు నడిచే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం వలయాలుగా ఏర్పడుతుంది. దవడల వెంట ఒక చుట్టు తిరుగుతూ ఆ క్షేత్రాన్నంతా కూడితే వచ్చే మొత్తం, లోపలి కరెంటుకు అనులోమంగా ఉంటుంది. దీన్నే ఆంపియర్ నియమం అంటారు:

∮ B·dl = μ₀ I

ఇక్కడ I అంటే వలయం లోపలి నుంచి పోయే కరెంటు. "లోపలి నుంచి" అనే మాట వినడానికి స్పష్టంగానే ఉంది, కానీ చిక్కంతా అక్కడే. వలయం అంటే ఒక గీత మాత్రమే. దాని లోపలి నుంచి ఏదైనా పోయిందా లేదా అని చెప్పాలంటే, ఆ గీతను అంచుగా చేసుకుని ఒక తలాన్ని ఊహించాలి. చేతి గాజును సబ్బునీళ్ళలో ముంచి తీశారనుకోండి. గాజుకు పట్టిన సబ్బుపొర బల్లపరుపుగా ఉంటుంది. మెల్లగా ఊదితే పొర సంచిలా ఉబ్బుతుంది, అంచు మాత్రం అదే గాజు. ఏ పొరను తీసుకుని లెక్కపెట్టాలో నియమం చెప్పదు. ఎలాంటి పొరకైనా ఒకే జవాబు రావాలన్నది అందులో మాట్లాడకుండా ఇమిడి ఉన్న షరతు.

తీగ అంతటా నిలకడగా కరెంటు పోతున్నంతకాలం ఈ షరతుకు ఢోకా లేదు. బల్లపరుపు పొరను చీల్చుకుని వెళ్ళిన కరెంటు, ఉబ్బిన పొరను కూడా చీల్చుకునే వెళ్ళాలి, మధ్యలో ఆగే చోటు లేదు గనుక. ఇప్పుడు కెపాసిటర్‌ను చార్జి చేస్తున్న తీగ చుట్టూ వలయం గీయండి. బల్లపరుపు పొరను తీగ చీలుస్తుంది, కాబట్టి I ఉంది. పొరను ఉబ్బించి, మొదటి రేకును పూర్తిగా లోపలికి తీసుకుని, రెండు రేకుల మధ్య ఖాళీలోంచి వెళ్ళేలా చేయండి. ఈ పొరను ఏ తీగా తాకడం లేదు, కాబట్టి I సున్నా. వలయం ఒకటే, దాని మీది అయస్కాంత క్షేత్రం ఒకటే, లెక్కలు మాత్రం రెండు. టాంగ్ టెస్టర్ చూపే అంకె మనం మనసులో ఏ పొరను ఊహించామన్న దాన్నిబట్టి మారదు కదా! అంటే తప్పు నియమంలోనే ఉంది.

ఆ తప్పు ఎంతో కూడా తేలిగ్గానే పట్టుకోవచ్చు. రెండు పొరలనూ కలిపి చూస్తే అవి మొదటి రేకును అన్ని వైపులా మూసిన ఒక సంచి. ఆ సంచిలోకి తీగ ద్వారా సెకనుకు I కూలంబుల ఆవేశం వస్తోంది, బయటికి ఏమీ పోవడం లేదు. లోపల రేకు మీద ఆవేశం Q పోగుపడుతోంది. ఆవేశం ఎక్కడా పోగుపడని పరిస్థితికి మాత్రమే పాత నియమం సరిపోతుంది.

పోగుపడుతున్న ఆవేశం ఊరికే ఉండదు. దాని నుంచి విద్యుత్ క్షేత్రం పుడుతుంది. గాస్ నియమం ప్రకారం సంచి నుంచి బయటికి వచ్చే విద్యుత్ అభివాహం Φ, ఆవేశాన్ని ε₀తో భాగిస్తే వచ్చేంత. మన ఆదర్శ కెపాసిటర్‌లో ఆ అభివాహమంతా ఖాళీలోని పొర గుండానే పోతుంది. అంటే ఆ పొర దగ్గర ε₀Φ = Q. ఆవేశం సెకనుకు I చొప్పున పెరుగుతుంటే, ε₀Φ కూడా సరిగ్గా అదే వేగంతో పెరగాలి. తీగను చీల్చే పొరలో కరెంటు లెక్కకు వస్తే, ఖాళీలోని పొరలో దానికి సమానంగా ఈ పెరుగుదల వేగం ఉంది. రెంటినీ కలిపి రాస్తే ఏ పొరకైనా ఒకే జవాబు:

∮ B·dl = μ₀ (I + ε₀ dΦ/dt)

ఈ రెండో పదమే స్థానభ్రంశ విద్యుత్ ప్రవాహం. పేరులో ప్రవాహం ఉన్నా రేకుల మధ్య శూన్యమే ఉంటే అక్కడ ప్రవహించే పదార్థమేదీ లేదు. విద్యుత్ క్షేత్రం మారుతోంది, అంతే. ఫ్యాను కెపాసిటర్‌లోలాగా మధ్యలో ప్లాస్టిక్ ఉంటే, దాని అణువుల్లోని ఆవేశాలు ఇటూ అటూ కొద్దిగా జరగడం కూడా ఈ లెక్కకు తోడవుతుంది. కానీ శూన్యంలోనూ ఈ పదం మిగులుతుంది. అసలు విశేషం అదే.

అంకెలతో చూద్దాం. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల రెండు గుండ్రటి రేకులు, మధ్య 1 మిల్లీమీటరు గాలి. దీని కెపాసిటీ సుమారు 70 పికోఫారడ్లు. 0.1 ఆంపియర్ల స్థిరమైన కరెంటుతో చార్జి చేస్తే, వోల్టేజి నానోసెకనుకు సుమారు 1.4 వోల్టుల చొప్పున పెరుగుతుంది. 3,000 వోల్టుల దగ్గర గాలి తట్టుకోలేక నిప్పురవ్వ దూకుతుంది, అక్కడికి చేరడానికి రెండు మైక్రోసెకన్లు చాలు. ఆ కాస్త సమయంలో రేకుల అంచు దగ్గర అయస్కాంత క్షేత్రం 0.4 మైక్రోటెస్లా, భూమి అయస్కాంత క్షేత్రంలో సుమారు వందో వంతు. అందుకే దీన్ని నేరుగా కొలవడం అంత తేలిక కాలేదు. 1985లో బార్ట్‌లెట్, కోర్ల్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, అతి సూక్ష్మమైన క్షేత్రాలను పసిగట్టే స్క్విడ్ అనే పరికరంతో, గుండ్రటి రేకుల కెపాసిటర్ లోపలే ఈ క్షేత్రాన్ని కొలిచారు.

రేకుల మధ్య, కేంద్రం నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో వలయం గీస్తే ఏమవుతుంది? ఆ వలయం లోపల రేకు వైశాల్యంలో నాలుగో వంతే ఉంది, కాబట్టి స్థానభ్రంశ ప్రవాహం 0.025 ఆంపియర్లు, క్షేత్రం 0.2 మైక్రోటెస్లా. అంతే దూరంలో తీగ చుట్టూ అయితే 0.8 మైక్రోటెస్లా ఉంటుంది. ఖాళీలో క్షేత్రం కేంద్రం దగ్గర సున్నాతో మొదలై అంచుదాకా దూరంతో పాటు పెరుగుతూ పోతుంది.

చాలామంది పాఠం ఇక్కడితో ఆపేసి, "మారే విద్యుత్ క్షేత్రమే ఈ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తోంది" అని ముగిస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు. అదే 2.5 సెంటీమీటర్ల వలయానికి పొరను వెనక్కి ఉబ్బించండి. అది మొదటి రేకును చీల్చుకుని వెళ్ళి, రేకు వెనక ఉన్న తీగను కూడా పట్టుకుంటుంది. తీగ నుంచి 0.1 ఆంపియర్లు లోపలికి వస్తున్నాయి. రేకు చేరిన ఆవేశం అక్కడే కూర్చోదు, అంచుల వైపు అన్ని దిక్కులా పరుచుకుంటుంది. రేకు వైశాల్యంలో మూడు వంతులు వలయానికి బయట ఉంది, కాబట్టి 0.075 ఆంపియర్లు రేకు వెంట పొరను దాటి బయటికి పోతాయి. తీసేస్తే మిగిలింది 0.025. స్థానభ్రంశ ప్రవాహం ఊసే లేకుండా అదే జవాబు! నిదానంగా చార్జి అయ్యే కెపాసిటర్‌లో తీగల్లోనూ రేకుల్లోనూ నడిచే మామూలు కరెంట్లతోనే మొత్తం అయస్కాంత క్షేత్రాన్ని లెక్కకట్టవచ్చు. కొత్త పదం ఇక్కడ చేసే పని, ఏ పొరతో లెక్కపెట్టినా నియమం నిలబడేలా చూడటం. ఆ క్షేత్రానికి వేరే మూలం అది ఒక్కటేనని ఈ ప్రయోగం నిరూపించదు.

విచిత్రమేమిటంటే, జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఈ పదానికి చేరింది కెపాసిటర్ దారిలో కాదు. 1861, 1862లో వెలువడిన పత్రాల్లో ఆయన అంతరిక్షమంతా తిరిగే సుడులతోనూ వాటి మధ్య చిన్న రేణువులతోనూ నిండిన మాధ్యమాన్ని ఊహించాడు. ఆ మాధ్యమానికి సాగే గుణం ఇస్తే, విద్యుత్ బలం పడినప్పుడు రేణువులు తమ చోటి నుంచి కొద్దిగా జరుగుతాయి. స్థానభ్రంశం అన్న పేరు అక్కడిదే. సాగే మాధ్యమంలో తరంగాలు పుడతాయి. వెబర్, కోల్‌రౌష్ 1856లో చేసిన విద్యుత్ కొలతల నుంచి ఆయన ఆ తరంగాల వేగం కట్టాడు. సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లని తేలింది. ఫిజో 1849లో కొలిచిన కాంతి వేగం 3,15,000కు దగ్గర. సుడులూ రేణువులూ తర్వాత పోయాయి, సమీకరణంలో పదం మాత్రం నిలిచింది.

ఆ పదం లేకుండా గడవని చోటు చూడాలంటే మన రేకుల జంటకే ఏసీ ఇచ్చి పౌనఃపున్యాన్ని పెంచుతూ పోవాలి. 50 హెర్ట్జ్ దగ్గర రేకుల మధ్య విద్యుత్ క్షేత్రం అంతటా ఒకేలా ఉంటుంది. గిగాహెర్ట్జ్‌లకు చేరేసరికి మారే విద్యుత్ క్షేత్రంతో పాటు ఉన్న అయస్కాంత క్షేత్రం తానూ వేగంగా మారుతూ, కొత్తగా విద్యుత్ క్షేత్రాన్ని ప్రేరేపిస్తుంది. ఇది కేంద్రం దగ్గరకన్నా అంచు దగ్గర అసలు క్షేత్రాన్ని ఎక్కువగా తగ్గిస్తుంది. సుమారు 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఇళ్ళలో వైఫై వాడే 2.4కు కాస్త కింద, అంచున విద్యుత్ క్షేత్రం పూర్తిగా సున్నా అవుతుంది. పొర అంతా ఒకే క్షేత్రమని మనం వేసుకున్న లెక్క ఇక్కడ చెల్లదు.

అంచున క్షేత్రమే లేదు గనుక, రెండు రేకులనూ చుట్టూ లోహపు గోడతో కలిపేసినా లోపల ఏమీ మారదు. తీగలు తీసేసినా సరే, మూసిన ఆ డబ్బాలో క్షేత్రాలు ఊగుతూనే ఉంటాయి, గోడల నిరోధం ఆ శక్తిని తినేసేదాకా. కణ త్వరణ యంత్రాల్లో వాడే అనునాద పేటికల మూలసూత్రం ఇదే. పక్క గోడ వెంట కరెంటు పైకి ఎక్కి, పై రేకు వెంట కేంద్రం వైపు వస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగడానికి లోహమేదీ లేదు. నడిమి శూన్యంలో ε₀ dΦ/dt ఒక్కటే ఆ వలయాన్ని పూర్తి చేస్తుంది. సమీకరణంలోంచి దాన్ని కొట్టేస్తే ఆ డబ్బాలో ఊగడానికి క్షేత్రమే మిగలదు.