మీటరు పైపు గాలికి వదిలే వేడి ఎంత?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్‌కు మేత ఊక. అక్కడ పుట్టిన ఆవిరి ఇనుప పైపుల్లో పోయి నానిన వడ్లను ఉడికిస్తుంది, డ్రయ్యర్ గాలిని వేడెక్కిస్తుంది. అలాంటి మిల్లు ఒకటి అనుకుందాం. బాయిలర్ గదికీ డ్రయ్యర్‌కూ నడుమ రేకుల షెడ్డు కింద ఇరవై మీటర్ల రెండంగుళాల పైపు అడ్డంగా సాగుతోంది. ఎప్పుడో రిపేరు కోసం విప్పిన తొడుగు మళ్ళీ వేయలేదు. పైపు ఒళ్ళు తుప్పు రంగులో ఉంది, దగ్గరికి వెళితే ముఖానికి సెగ కొడుతోంది. ఆ సెగ ఖరీదెంతో చెప్పే మీటరు మాత్రం ఎక్కడా లేదు.

మీటరు లేకపోయినా లెక్క ఉంది. దానికి కావలసినవి మూడే: పైపు లావు, పైపు వేడి, గాలి వేడి. పైపు చాలా పొడవైనది కాబట్టి చివర్లలో జరిగేదాన్ని పక్కన పెట్టి, ఒక్క మీటరుకు లెక్క కట్టి పొడవుతో గుణిస్తే సరిపోతుంది.

అంకెల్లోకి దిగే ముందు గాలి ఏం చేస్తుందో చూడాలి. పైపుకు ఆనుకున్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికవుతుంది. పక్కనున్న చల్లగాలి బరువు దాన్ని పైకి నెడుతుంది. ఈ కదలిక పైపు అడుగున మొదలవుతుంది. అడుగున తగిలిన గాలి రెండు పాయలుగా చీలి, ఇరుపక్కలా పైపును ఒరుసుకుంటూ ఎక్కి, నెత్తిన మళ్ళీ కలిసి, ఒక సన్నని తెరలా పైకి లేస్తుంది. ఫ్యాను లేదు, ఊదేవాళ్ళు లేరు. వేడే గాలిని నడుపుతోంది. దీన్నే సహజ సంవహనం అంటారు. పైపు కింద వెలిగించిన అగరుబత్తిని పట్టుకుంటే పొగ పైపును చుట్టి పైకి పోవడం కంటికే కనిపిస్తుంది.

ఇందులో చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. వేడి పైకే పోతుంది కాబట్టి పైపు నెత్తి నుంచే ఎక్కువ నష్టమని తోస్తుంది. జరిగేది దానికి వ్యతిరేకం. అడుగున తాజా చల్లగాలి నేరుగా ఇనుమును తాకుతుంది, అక్కడ వేడిగాలి పొర చాలా పలచన. పైకి ఎక్కేకొద్దీ ఆ పొర మందమవుతుంది. నెత్తికి చేరేసరికి పైపు మీద తన వేడే దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. కాబట్టి గాలి ఎక్కువ వేడిని దోచుకునేది పైపు పొట్ట కింద, తక్కువ దోచుకునేది నెత్తిన. సగటు తీస్తే ఎంత అన్నదే ఇక లెక్క.

వేడి తేడా రెట్టింపైతే నష్టమూ సరిగ్గా రెట్టింపవుతుందా? కాదు, అంతకంటే ఎక్కువే అవుతుంది. తేడా పెరిగితే గాలికి అందే వేడే కాదు, గాలి వేగం కూడా పెరుగుతుంది. 1817లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు డ్యూలాంగ్, పెటిట్ ప్రయోగాలు చేసి, ఇలా గాలికి పోయే వేడి ఉష్ణోగ్రత తేడాకు 1.233వ ఘాతంలో పెరుగుతుందని తేల్చారు. తర్వాత వచ్చిన సిద్ధాంతం 1.25 అంది. ఆ కాలపు పరికరాలతో అంత దగ్గరికి రావడం ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు మన పైపు. గేజ్ మీద ఐదు కేజీల కంటే కాస్త ఎక్కువ ప్రెషర్ ఉందంటే లోపలి ఆవిరి దాదాపు 160 డిగ్రీల సెల్సియస్. లోపలి గోడ మీద ఆవిరి నీరుగా మారుతూ వేడిని ఎంత ధారాళంగా ఇస్తుందంటే, పైపు బయటి ఒళ్ళు కూడా ఇంచుమించు 160 దగ్గరే ఉంటుంది. అంటే ప్రెషర్ గేజే థర్మామీటరు. షెడ్డులో గాలి 30 డిగ్రీలు. తేడా 130.

లావు దగ్గర మొదటి పొరపాటు జరుగుతుంది. రెండంగుళాల పైపు అనగానే 50 మిల్లీమీటర్లు వేసేస్తారు. గాలికి తగిలేది బయటి వ్యాసం, అది 60.3 మిల్లీమీటర్లు. అనుమానముంటే, పైపు చల్లగా ఉన్నప్పుడు చుట్టూ దారం తిప్పి కొలిస్తే 189 మిల్లీమీటర్లు రావాలి. అంటే ఒక మీటరు పైపుకు గాలి తగిలే వైశాల్యం 0.189 చదరపు మీటర్లు.

గాలిని పైకి నెట్టే బలానికీ, దాన్ని పట్టి ఆపే జిగటతనానికీ, వేడి తనంతట తాను పాకిపోయే గుణానికీ మధ్య పోటీని రేలీ సంఖ్య అనే ఒకే అంకెగా రాస్తారు. పైపు, గాలి వేడుల సగటు 95 డిగ్రీల దగ్గర గాలి గుణాలు వేసి చూస్తే ఈ పైపుకు ఆ సంఖ్య దాదాపు పది లక్షలు. దాన్ని వేడి లెక్కగా మార్చే సూత్రాన్ని 1975లో చర్చిల్, చూ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చారు. అంతకుముందు ఒక్కో పరిధికి ఒక్కో సూత్రం వాడేవారు. వీళ్ళు సన్నని తీగ నుంచి లావాటి పైపు దాకా ఒకే గీతలో ఇమిడ్చారు. గాలికి మాత్రమే పరిమితం చేస్తే అది ఇంత చిన్నది:

Nu = (0.60 + 0.321 × Ra^(1/6))²
h = Nu × k / D

ఇందులో Ra రేలీ సంఖ్య. పది లక్షలకు ఆరవ మూలం పది. కాబట్టి బ్రాకెట్లో 3.81, దాని వర్గం 14.5. గాలి ఉష్ణవాహకత k 0.0314, వ్యాసం D 0.0603 మీటర్లు. వాటితో h సుమారు 7.6 వస్తుంది. అంటే ఒక చదరపు మీటరు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకు, గాలి 7.6 వాట్లు తీసుకుపోతుంది. దీన్ని 0.189తోనూ 130తోనూ గుణిస్తే మీటరుకు 186 వాట్లు. పాత పుస్తకాల సూత్రం వాడితే 15, 20 శాతం ఎక్కువ రావచ్చు. ఈ తరహా లెక్కల్లో అంత అటూ ఇటూ ఉండడం మామూలే.

చాలా లెక్కలు ఇక్కడితో ఆగిపోతాయి. పెద్ద పొరపాటు ఇదే.

పైపు గాలికి వేడి ఇవ్వడమే కాదు, పొయ్యిలా చుట్టూ సెగ కక్కుతుంది కూడా. మధ్యలో గాలి లేకపోయినా ఈ వేడి పోతుంది. అది వికిరణం. షెడ్డులోకి అడుగుపెట్టగానే ముఖానికి తగిలిన సెగ అదే, ఎందుకంటే వేడిగాలి పైకి పోతుందే తప్ప పక్కకు రాదు. తుప్పు పట్టిన ఇనుము వికిరణంలో దిట్ట. పరిపూర్ణమైన నల్లని ఒళ్ళు ఒకటి అనుకుంటే, దీని ఉద్గారత 0.8. డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చి నాలుగో ఘాతం లెక్క వేస్తే మీటరుకు 230 వాట్లు వస్తుంది. గాలి మోసుకుపోయే 186 కంటే ఎక్కువ!

రెండూ కలిపితే మీటరుకు సుమారు 416 వాట్లు. ఇరవై మీటర్లకు 8.3 కిలోవాట్లు. బాయిలర్ రాత్రింబవళ్ళు నడిస్తే, కిలో ఊకకు 13 మెగాజౌళ్ళు, బాయిలర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, రోజుకు దాదాపు 85 కిలోల ఊక షెడ్డును వేడెక్కించడానికే కాలిపోతోంది.

వికిరణం వాటా ఇంత కాబట్టి పైపు రంగు కూడా లెక్కలోకి వస్తుంది. అదే పైపుకు అల్యూమినియం పెయింట్ వేసి ఉద్గారతను 0.3కు దించగలిగితే వికిరణం 86 వాట్లకు పడిపోతుంది. గాలి మోసే 186లో మార్పేమీ ఉండదు. తొడుగుకు ఇది సాటి కాదు. కానీ రంగు మారితే నష్టం మూడో వంతు తగ్గుతుందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇదంతా గాలి నిశ్చలంగా ఉన్నప్పటి మాట. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి మళ్ళీ అగరుబత్తే సాయం. పైపుకు దూరంగా, దానికి సమమైన ఎత్తులో పట్టుకుంటే పొగ నిటారుగా లేవాలి. వంగిపోతే షెడ్డులో గాలి వీస్తున్నట్టే. పైపు తన వేడితో తాను లేపే గాలి వేగం సెకనుకు అర మీటరు లోపే. అంత నెమ్మదైన దాన్ని చెదరగొట్టడానికి పెద్ద గాలేమీ అక్కర్లేదు. సెకనుకు ఒక మీటరు వేగంతో, మనిషి నెమ్మదిగా నడిచినంత వేగంతో, గాలి అడ్డంగా తగిలితే చాలు, 186 వాట్లు 330 దాటుతాయి. రెండు వైపులా తెరిచి ఉన్న షెడ్డుకు నిశ్చలమైన గాలి లెక్క వేస్తే నష్టాన్ని తక్కువ చూపినట్టే. మరో చిక్కు, ఒకదానిపై ఒకటిగా వెళ్ళే పైపులు. పైదానికి అందేది కిందిది అప్పటికే వేడెక్కించిన గాలి. దానికి ఒంటరి పైపు సూత్రం అచ్చంగా సరిపోదు.

ఇక తొడుగు వేస్తే ఏమవుతుంది? 50 మిల్లీమీటర్ల మందాన రాక్‌వూల్ చుట్టి, పైన అల్యూమినియం రేకు వేస్తే నష్టం మీటరుకు 36 వాట్ల దగ్గరికి దిగుతుంది. రేకు మీద వేడి 47 డిగ్రీల చుట్టూ ఉంటుంది. దాన్ని తనిఖీ చేయడానికి చేతిలో ఇమిడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చి రేకు మీద గురిపెట్టడం అలవాటు. మెరిసే రేకు తన వేడిని దాదాపు కక్కదు, ఎదుటి గోడల వేడినే అద్దంలా చూపుతుంది. అందుకే యంత్రం తక్కువ చూపించి, తొడుగు పాడైన చోటు కూడా బాగున్నట్టు నమ్మిస్తుంది. రేకు మీద నల్లని ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి, అది వేడెక్కాక దాని మీద చూస్తే నిజం బయటపడుతుంది. వాల్వులు, ఫ్లాంజీలు కూడా మరవకూడదు. విప్పడానికి ఇబ్బందని వాటిని బోడిగా వదిలేస్తారు. ఒక వాల్వు నష్టం సుమారు ఒక మీటరు బోడి పైపుతో సమానం అనుకుంటే, అది తొడుగు వేసిన పైపు పదకొండు మీటర్ల నష్టాన్ని ఒక్కటే తినేస్తుంది.

కాగితం మీది 416ను బకెట్‌తో పరీక్షించవచ్చు. పైపు పోగొట్టుకున్న వేడి మేరకు లోపల ఆవిరి నీరవుతుంది. ఈ ప్రెషర్‌లో కిలో ఆవిరి నీరైతే 2,080 కిలోజౌళ్ళు ఇస్తుంది. 8.3 కిలోవాట్ల నష్టమంటే గంటకు 14.4 కిలోల నీరు. డ్రయ్యర్ వాల్వు మూసి, పైపు బాగా వేడెక్కాక, చివరనున్న స్టీమ్ ట్రాప్ నుంచి వచ్చేదాన్ని పది నిమిషాలు పట్టాలి. ఖాళీ బకెట్‌లో పడితే ఆ నీటిలో పదో వంతుకు పైగా మళ్ళీ ఆవిరై ఎగిరిపోతుంది. కాబట్టి ముందే పది కిలోల చన్నీళ్ళు పోసి, తూచి, గొట్టం కొసను ఆ నీళ్ళలో ముంచి పట్టాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. బరువు 2.4 కిలోలు పెరిగితే లెక్క సరిపోయినట్టు. మూడు కిలోలు పెరిగితే ముందుగా అనుమానించాల్సింది షెడ్డులోకి వీచే గాలిని. నాలుగైదు కిలోలు పెరిగిందంటే పైపును తప్పుపట్టడానికి లేదు. స్టీమ్ ట్రాప్ సరిగా మూసుకోక ఆవిరిని వదిలేస్తూ ఉండాలి, లేదా బాయిలరే ఆవిరితో పాటు నీళ్ళను కూడా పైపులోకి తోస్తూ ఉండాలి.