స్కోరు అదే, జనం వేరు

గుండె జబ్బు ముప్పును ఒకే ఒక్క అంకెలో చెప్పే లెక్కను 2018లో అమెరికా పరిశోధకులు అమిత్ ఖేరా, శేఖర్ కతిరేశన్‌ల బృందం ప్రకటించింది. ఆ లెక్క బీపీ ఎంతని అడగదు, కొలెస్ట్రాల్ చూడదు. డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ అక్షరం మారే 66 లక్షల చోట్లను చదివి, వాటన్నిటినీ కలిపి కూడుతుంది. ఇలాంటి లెక్కనే పాలీజెనిక్ రిస్క్ స్కోర్ అంటారు.

ఒక్కో చోటుకు ఎంత వెయిటేజీ ఇవ్వాలో ముందే తేలాలి. ఈ స్కోరుకు ఆ వెయిటేజీలు 2015 నాటి ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చాయి. అందులో 60 వేలకు పైగా గుండె రోగుల డీఎన్‌ఏను, జబ్బు లేని 1.23 లక్షల మంది డీఎన్‌ఏతో పోల్చారు. ఏ చోట ఏ అక్షరం రోగుల్లో ఎక్కువగా కనిపిస్తోందో, ఎంత ఎక్కువగా కనిపిస్తోందో లెక్కించారు.

తొమ్మిదో క్రోమోజోమ్‌లోని 9పీ21 అనే ప్రాంతాన్నే తీసుకుందాం. గుండెపోటుతో దీనికున్న సంబంధం 2007లో బయటపడింది. అక్కడి ముప్పు అక్షరం ఒక్కో ప్రతికీ జబ్బు అవకాశం సుమారు పావు వంతు పెరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఎవరికైనా ఆ అక్షరం ప్రతులు సున్నా, ఒకటి లేదా రెండు ఉంటాయి. ప్రతుల సంఖ్యను వెయిటేజీతో హెచ్చవేసి, అన్ని చోట్ల ఫలితాలనూ కూడితే అదే స్కోరు. అయితే పక్కపక్కనున్న చోట్లు తరతరాలుగా కలిసే సంక్రమిస్తాయి. ఒకే ప్రభావాన్ని పదిసార్లు కూడకుండా వాటి వెయిటేజీలను ముందే తగ్గిస్తారు.

యూకే బయోబ్యాంక్‌లోని 2.9 లక్షల మంది యూరప్ మూలాల వారిపై ఈ స్కోరును పరీక్షించారు. అతి తక్కువ స్కోరున్న ఒక శాతంలో గుండె జబ్బు ఉన్నవారు నూటికి ఒకరి లోపే. అతి ఎక్కువ స్కోరున్న ఒక శాతంలో నూటికి 11 మంది. తేడా పెద్దదే. కానీ ఆ పై వరసలో కూడా మిగిలిన 89 మందికి అప్పటికి జబ్బు లేదు. స్కోరు చెప్పేది మనిషి వరసలో ఎక్కడున్నాడన్నదే. గుండెపోటు వస్తుందా, ఎప్పుడొస్తుంది అన్నది అది చెప్పలేదు.

ఆ వరస కూడా మరో జనంలోకి వెళ్లేసరికి చెదిరిపోతుంది. 2019లో అలీసియా మార్టిన్ బృందం యూకే బయోబ్యాంక్‌లోనే 17 లక్షణాలకు ఇలాంటి స్కోర్లను పరీక్షించింది. యూరప్ మూలాల వారితో పోలిస్తే కచ్చితత్వం దక్షిణాసియా వారిలో 37 శాతం, తూర్పు ఆసియా వారిలో 50 శాతం, ఆఫ్రికా మూలాల వారిలో 78 శాతం తగ్గింది.

ఎందుకిలా? స్కోరులోని చాలా చోట్లు అసలు దోషులు కావు, దోషి పక్కన ఉండే ఆనవాళ్లు మాత్రమే. ‘వేపచెట్టు పక్కిల్లు’ అని చెబితే మన ఊళ్లో ఇల్లు దొరుకుతుంది. పొరుగూరిలో వేపచెట్టు ఉన్నా దాని పక్కన వేరే ఇల్లుండొచ్చు. ఆఫ్రికా జనాభా చాలా పురాతనం కావడంతో అక్కడ డీఎన్‌ఏ తరతరాలుగా మరింత చిన్న ముక్కలుగా కలగలిసింది. ఆనవాలు, దోషి విడిపోయాయి. యూరప్‌లో, ఆసియాలో గట్టిగా కనిపించిన 9పీ21 గుర్తులు ఆఫ్రికన్ అమెరికన్లలో బాగా బలహీనపడటానికి ఇదొక కారణం.

మరో చిక్కు, కొన్ని తేడాలు ఒక జనంలోనే ఉండటం. గుండె కండరానికి పనికొచ్చే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపాన్ని 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్‌తో కూడిన బృందం వెల్లడించింది. అది గుండె కండర జబ్బు ముప్పును పెంచుతుంది. దక్షిణాసియాలో దాదాపు నూటికి నలుగురిలో ఉంటుంది, యూరప్ జనంలో దాదాపు కనిపించదు. యూరప్ రోగులను మాత్రమే లెక్కపెడితే దానికి వెయిటేజీయే పుట్టదు.

పొరపాటు ఎలా బయటపడుతుందో ఎత్తు లెక్క చూపించింది. 2017లో మార్టిన్ బృందమే యూరప్ వెయిటేజీలతో వివిధ జనాల ఎత్తును అంచనా వేస్తే, పశ్చిమ ఆఫ్రికా వారు యూరప్ వారికన్నా బాగా పొట్టివారని వచ్చింది. నిజానికి వారి సగటు ఎత్తులు దాదాపు సమానం. అందుకే ఒక జనం సగటు స్కోరును మరో జనం సగటుతో పోల్చకూడదు. ఏ మనిషి స్కోరునైనా తన జనం వరసలోనే చూడాలి.

గుండె స్కోరు విషయంలో మనవాళ్లకు కొంత ఊరట ఉంది. 2015 అధ్యయనంలో 77 శాతం మంది యూరప్ మూలాల వారైనా, 13 శాతం భారత్, పాకిస్తాన్ మూలాల వారున్నారు. ఆ స్కోరును దక్షిణాసియా జనానికి సరిదిద్ది 2020లో భారత్, బంగ్లాదేశ్ రోగులపై పరీక్షించినప్పుడు ముప్పు తేడాలను అది పట్టుకుంది.

పక్కపక్క చోట్లు ఎలా కలిసొస్తాయో చూడటానికి తెలుగువారి డీఎన్‌ఏ నమూనాలు ‘1000 జీనోమ్స్’ ప్రాజెక్టులో ఉన్నాయి. అవి బ్రిటన్‌లో ఉంటున్న సుమారు వంద మంది తెలుగువారివి. సరిదిద్దడానికి అది కొంత ఉపయోగపడుతుంది. కానీ వెయిటేజీలు కట్టడానికి వేల సంఖ్యలో రోగులు కావాలి, వారితో పోల్చడానికి అంతకుమించి ఆరోగ్యవంతులూ కావాలి.