తీసింది తిరిగి వేయకపోతే లెక్క మారుతుంది

ఒక కర్మాగారానికి 20 పెద్ద ఫ్యూజులు వచ్చాయనుకుందాం. బాగున్నాయో లేదో తేల్చాలంటే కాల్చి చూడాల్సిందే. కాల్చింది ఇక పనికిరాదు. అందుకే తనిఖీ చేసేవాళ్లు కొన్నిటినే తీసి చూస్తారు. ఒక్కటీ చెడ్డది తగలకపోతే లాటు లోపలికి, తగిలితే వెనక్కి.

ఆ 20లో నాలుగు చెడ్డవి ఉన్నాయనుకోండి. ఐదు తీసి చూస్తే నాలుగూ తప్పించుకునే అవకాశం ఎంత? చాలామంది చేతికి ముందు వచ్చేది బైనామియల్ లెక్క. ఒక్కో ఫ్యూజు మంచిదయ్యే అవకాశం 0.8, దాన్ని ఐదుసార్లు గుణిస్తే దాదాపు 33 శాతం.

కానీ తీసిన ఫ్యూజును ఎవరూ తిరిగి పెట్టెలో వేయరు. మొదటిది మంచిదయ్యే అవకాశం 20లో 16. అది మంచిదని తేలాక మిగిలినవి 19, వాటిలో మంచివి 15. తర్వాత 18లో 14, 17లో 13, 16లో 12. మంచివి తరిగిపోతుంటే చెడ్డవి నాలుగూ పెట్టెలోనే ఉన్నాయి, కాబట్టి తర్వాత తీసేది చెడ్డదయ్యే అవకాశం ప్రతిసారీ పెరుగుతుంది. ఐదు భిన్నాలనూ గుణిస్తే వచ్చేది 28 శాతం. ఇదే హైపర్‌జామెట్రిక్ లెక్క. పేరు భయపెడుతుంది గానీ లోపలున్నది ఈ గుణకారమే.

ఐదు శాతం తేడా ఏపాటిది అనిపించవచ్చు. ఇలాంటి లాటు దాటిపోయే అవకాశం 10 శాతంలోపే ఉండాలని కొనేవారు పట్టుబడితే అసలు సంగతి బయటపడుతుంది. బైనామియల్ ప్రకారం 11 ఫ్యూజులు కాల్చాలి. హైపర్‌జామెట్రిక్ ప్రకారం 9 చాలు, అవకాశం 7 శాతానికి దిగుతుంది. అంటే తప్పు సూత్రం పట్టుకున్నందుకు రెండు ఫ్యూజులు ఊరికే బూడిద. ఇంకా విడ్డూరం, 17 తీస్తే కనీసం ఒక చెడ్డదైనా తగలక తప్పదు, ఎందుకంటే మంచివి ఉన్నవే 16. బైనామియల్ మాత్రం అన్నీ మంచివే వచ్చే అవకాశం ఇంకా 2 శాతం ఉందంటుంది!

లాటు 2,000 అయి, చెడ్డవి 400 ఉంటే ఐదు తీసినా నిష్పత్తి దాదాపు కదలదు. రెండు లెక్కలూ 33 దగ్గరే కలుస్తాయి. శాంపిల్ లాటులో పదో వంతు దాటనంతవరకు బైనామియల్‌తో సరిపెట్టుకోవచ్చని వాడుకలో ఉన్న కొండగుర్తు.

అయితే చిన్న లాటు అనగానే బైనామియల్‌ను కొట్టిపారేయడమూ తప్పే. బెల్ ల్యాబ్స్‌లో శాంపిల్ తనిఖీ పట్టికలు తయారుచేసిన డాడ్జ్, రోమిగ్‌లు రెండు ప్రశ్నలను విడదీశారు. ఎదురుగా ఉన్న ఈ పెట్టె సంగతే కావాలంటే హైపర్‌జామెట్రిక్. నూటికి 20 చెడ్డవి తయారుచేస్తున్న యంత్రం నుంచి వచ్చే పెట్టెల సంగతి కావాలంటే, పెట్టె ఎంత చిన్నదైనా బైనామియలే సరైనది. అక్కడ ఏ పెట్టెలో ఎన్ని చెడ్డవి పడతాయో ముందే ఖాయం కాదు మరి.

ఎక్సెల్ తెలిసినవారు పై 9 ఫ్యూజుల లెక్కను ఇలా సరిచూసుకోవచ్చు. జవాబు 0.068 రావాలి.

```
=HYPGEOM.DIST(0,9,4,20,FALSE)
```