ఒకే చీరకు ఇన్ని శాతాలా?

మంగళగిరి నేత చీరలమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి నడుపుతున్నారు, అమ్మకాల్లో సగం ఫోన్ మీదే. అంకెలు లెక్కకు తేలిగ్గా ఉండేలా నేను వేసుకున్నవే గానీ, వీళ్లకు వచ్చే చిక్కు మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో సరుకు పెట్టే ప్రతివాళ్లకూ వచ్చేదే.

సోమవారం నాడు నిజాం అంచున్న నీలం చీరను మడతపెట్టి ఒక్క ఫొటో తీసి పెట్టారు. గురువారం అదే చీరను విప్పి, అంచు దగ్గరగా ఒకటి, పైట చెంగు ఒకటి, తిరగేసి ఒకటి, మగ్గం మీద ఉన్నప్పటిది ఒకటి, ఇలా ఎనిమిది ఫొటోలను పక్కకు జరుపుతూ చూసే వరుసగా పెట్టారు. దానికి సగం పూట పట్టింది. వారం తర్వాత చెల్లెలు లెక్క చూసింది. ఒక్క ఫొటో 4,800 సార్లు తెర మీద కనబడితే 240 స్పందనలు వచ్చాయి, అంటే 5 శాతం. ఎనిమిది ఫొటోల వరుస 9,600 సార్లు కనబడితే 320 వచ్చాయి, అంటే 3.3 శాతం.

"అంత కష్టపడ్డది జనానికి నచ్చలేదే అక్కా. ఇకనుంచి ఒక్క ఫొటోనే పెడదాం" అంది చెల్లెలు.

ఆ అమ్మాయి కూడికలో, భాగహారంలో తప్పు లేదు. తప్పంతా హారంలో ఉంది. ఎంగేజ్‌మెంట్ రేటు అనేది బడిలో నేర్చుకున్న భిన్నమే. లైకులు, కామెంట్లు, షేర్లు, సేవ్‌లు కలిపితే లవం. వాటిని దేనితో భాగిస్తున్నామో అది హారం. హారం మారితే శాతం మారుతుంది, ఒక్కోసారి గెలిచిన పోస్టు ఓడినట్టు కనబడుతుంది.

బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీని గుర్తుచేసుకోండి. ఆ దారిన రోజూ ఉద్యోగానికి పోయే మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని చూస్తాడు. పది రోజులకు ఇరవై చూపులు. చూసిన మనిషి మాత్రం ఒక్కడే. ఆ ఇరవై ఇంప్రెషన్లు, ఆ ఒక్కడు రీచ్. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి ఇంప్రెషన్ల స్థానంలో `Views` అనే మాట వాడుతోంది. పేరు మారినా అందులోనూ ఒకే మనిషి మళ్లీ మళ్లీ చూసినవి కలుస్తాయి. మనుషుల లెక్క కావాలంటే పోస్టు ఇన్‌సైట్స్‌లో `Accounts reached` దగ్గర చూడాలి.

చెల్లెలు అక్కడ చూసుంటే రెండు పోస్టులకూ ఒకే అంకె కనబడేది: 4,000. ఇప్పుడు దానితో భాగిద్దాం. ఒక్క ఫొటోకు 240 అంటే 6 శాతం. ఎనిమిది ఫొటోలకు 320 అంటే 8 శాతం. వరుస తారుమారైంది. చీర విప్పి చూపించడమే జనానికి నచ్చింది.

మరి మొదటి లెక్క ఎందుకు మోసం చేసింది? ఫొటోల వరుసను మీరు జరపకుండా దాటిపోతే, ఇన్‌స్టాగ్రామ్ కొన్నాళ్లకో కొన్ని గంటలకో అదే పోస్టును ఈసారి రెండో ఫొటోతో మీ ముందు పెట్టగలదు. చూసినవాళ్లు కూడా అంచు మళ్లీ చూద్దామనో, ఇంట్లోవాళ్లకు చూపిద్దామనో వెనక్కి వస్తారు. అలా మనిషికి సగటున 2.4 సార్లు కనబడింది ఈ పోస్టు. ఒక్క ఫొటో 1.2 సార్లే. మనిషి రెండోసారి చూసినా రెండో లైకు కొట్టలేడు కదా. కాబట్టి జనం తిరిగొచ్చి చూసిన ప్రతిసారీ హారం పెరుగుతుంది, లవం పెరగదు. ఇంప్రెషన్లతో భాగించే లెక్క జనం ఇష్టపడి మళ్లీ చూసినందుకు పోస్టుకు జరిమానా వేస్తుంది. వ్యూలను రీచ్‌తో భాగిస్తే వచ్చే ఈ 2.4ను ఫ్రీక్వెన్సీ అంటారు. ప్రకటన కోసం డబ్బు కట్టినప్పుడు ఇది బాగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ చూసినవాళ్లకే మళ్లీ చూపిస్తారు. అందుకే బూస్ట్ చేసిన పోస్టును చేయనిదాని పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంతవరకు ఒకే ప్లాట్‌ఫామ్ కథ. ప్లాట్‌ఫామ్ మారితే హారంతో పాటు లవం కూడా మారిపోతుంది. అసలు గొడవంతా అక్కడే.

అక్క అదే ఎనిమిది ఫొటోలను ఫేస్‌బుక్ పేజీలోనూ పెట్టింది. అక్కడ రీచ్ 2,500. రియాక్షన్లు 70, కామెంట్లు 15, షేర్లు 15. దాంతో పాటు 200 క్లిక్కులు. రిపోర్టులో అన్నీ కలిపి 300 అని చూపితే 12 శాతం అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 8, ఇక్కడ 12. ఫేస్‌బుక్కే మేలు అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఆ 200 క్లిక్కులు ఏమిటో చూడండి. అంచు దగ్గరగా చూద్దామని ఫొటో మీద వేలు పెట్టి పెద్దది చేసుకున్నా క్లిక్కే, మిగతా మాటలు చదవడానికి వేలు నొక్కినా క్లిక్కే. ఇన్‌స్టాగ్రామ్‌లో అదే అంచు కోసం ఫొటోను పక్కకు జరిపితే స్పందనల్లో కలవదు. చేసిన పని ఒకటే, చూసిన చీర ఒకటే, ఒకచోట లెక్కకొస్తుంది, ఇంకోచోట రాదు. లింక్డ్‌ఇన్ కూడా పేజీలకు చూపే ఎంగేజ్‌మెంట్ రేటులో క్లిక్కుల్ని కలిపి, మొత్తాన్ని ఇంప్రెషన్లతో భాగిస్తుంది. ఎక్స్‌లో అయితే పోస్టు విప్పి చూసినా, ప్రొఫైల్ మీద నొక్కినా ఎంగేజ్‌మెంటే. ఎవరి తూకంరాళ్లు వాళ్లవి.

కాబట్టి ముందు లవాన్ని సమానం చేయాలి. రెండుచోట్లా ఉన్నవి మాత్రమే ఉంచుదాం: లైకు, కామెంటు, షేరు. క్లిక్కులు తీసేస్తే ఫేస్‌బుక్‌లో మిగిలింది 100, రీచ్ 2,500, అంటే 4 శాతం. ఇన్‌స్టాగ్రామ్‌లో 320 నుంచి 60 సేవ్‌లు తీస్తే 260, రీచ్ 4,000, అంటే 6.5 శాతం.

```
(లైకులు + కామెంట్లు + షేర్లు) ÷ రీచ్ × 100
```

ఇక ఇన్‌స్టాగ్రామ్‌దే గెలుపా? ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఇంకొక్క అడుగు వేయాలి. జనం ప్రతిచోటా ఒకేలా ప్రవర్తించరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో మీద రెండుసార్లు తడితే లైకు పడుతుంది, చేతికి అలవాటైన పని. ఫేస్‌బుక్‌లో చూసి ఊరుకునేవాళ్లు ఎక్కువ ఉండవచ్చు, పైగా అక్కడున్న వయసులు వేరు, పేజీని వెతుక్కుని వచ్చిన కారణాలు వేరు. అందుకే ఏ పోస్టునైనా ముందు దాని ఇంట్లోనే తూచాలి. గత పది పోస్టుల శాతాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాసి నడిమి విలువ తీసుకోండి. సగటు వద్దు, ఎందుకంటే ఎప్పుడో వైరల్ అయిన ఒక్క పోస్టు సగటును ఎత్తేస్తుంది. వీళ్ల ఇన్‌స్టాగ్రామ్ నడిమి విలువ 5 శాతం అనుకుందాం. 6.5 అంటే మామూలుకు 1.3 రెట్లు. ఫేస్‌బుక్ నడిమి విలువ 2.5 అనుకుందాం. 4 అంటే 1.6 రెట్లు. అంటే ఈ చీర ఫొటోలు మామూలుకంటే ఎక్కువ కదిలించింది ఫేస్‌బుక్‌లోని వాళ్లనే. ఈ సంగతి 12 శాతంలోనూ కనబడలేదు, 4 శాతంలోనూ కనబడలేదు.

హారం మన చేతిలో లేకుండా మారిపోయిన సందర్భమూ ఉంది. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వ్యూ లెక్కించే పద్ధతి మార్చింది. వీడియో ఆడడం మొదలైతే చాలు, ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేకుండా వ్యూ కింద వస్తుంది. మళ్లీ ఆడితే మళ్లీ వ్యూ. పాత లెక్కను వేరే పేరుతో పక్కన ఉంచింది. వ్యూలతో భాగించి నెల నెలా పట్టిక రాసుకున్నవాళ్లకు ఏప్రిల్‌లో రేటు పడిపోయినట్టు కనబడితే దానికి వాళ్ల వీడియోలు కారణం కాదు. చూసే మనుషులు మారలేదు, లెక్కపెట్టే పద్ధతి మారింది.

రీచ్‌కూ హద్దులున్నాయి, అవి తెలియకపోతే మళ్లీ అదే గుంటలో పడతాం. మొదటిది, రీచ్‌ను కూడకూడదు. సోమవారం పోస్టుకు 4,000, గురువారం పోస్టుకు 4,000 వస్తే ఆ వారం 8,000 మందికి చేరామని కాదు. రెండూ చూసినవాళ్లు అందులో చాలామంది ఉంటారు. ఫేస్‌బుక్‌లో చూసిన 2,500 మందిలో ఎందరు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చూశారో చెప్పే అంకె ఆ పోస్టుల కింద ఎక్కడా ఉండదు.

రెండోది ఇంకా పెద్దది. రీచ్ తక్కువగా ఉన్నప్పుడు రేటు ఎక్కువగా కనబడుతుంది. ఒక పోస్టు 200 మందికే చేరి 30 స్పందనలు తెస్తే 15 శాతం. ఆ 200 మందిలో మేనత్తలు, స్నేహితురాళ్లు, పాత ఖాతాదార్లే ఎక్కువ. అదే ఒక రీల్ 40,000 మందికి చేరి 1,200 స్పందనలు తెస్తే 3 శాతమే. కానీ వాళ్లలో అత్యధికులు ఈ దుకాణం పేరే విననివాళ్లు. ఆ 3 శాతాన్ని ఈ 15 పక్కన పెట్టి తక్కువ అనడం అన్యాయం. ఫాలోవర్లు ఎంత శాతం, కానివాళ్లు ఎంత శాతం అన్నది ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కిందే చూపిస్తుంది. ఆ పాలు ఇంచుమించు ఒకేలా ఉన్న పోస్టులనే పోల్చాలి. వయసూ సమానం కావాలి, నిన్నటి పోస్టును నెలనాటి పోస్టుతో కాకుండా, రెండింటినీ ఏడో రోజు అంకెలతో చూడాలి.

కొన్నిచోట్ల రీచ్ దొరకదు. ఎక్స్‌లో పోస్టుకు ఇంప్రెషన్లే ఇస్తారు. అక్కడ ఎక్స్ పోస్టును ఎక్స్ పోస్టుతోనే పోల్చుకోండి, ఆ శాతాన్ని ఇన్‌స్టాగ్రామ్ శాతం పక్కన రాయకండి.

మీ దుకాణం పేజీని ఏ ఏజెన్సీకైనా అప్పగించి ఉంటే, నెలాఖరున వచ్చే రిపోర్టులో ప్రతి శాతం పక్కనా రెండు సంగతులు రాయమనండి: పైన ఏమేం కలిపారు, కింద దేనితో భాగించారు. అవి రాయని రిపోర్టును చూసి చీర ఫొటోలు ఎలా తీయాలో నిర్ణయించుకోకండి.