కటింగ్ ఎన్ని రోజులకి? మీ తలలో అతి పొట్టి జుట్టుని అడగండి

నా పెళ్లి ఆల్బమ్‌లో సైడ్ నుంచి తీసిన ఫొటో ఒక్కటీ బాగా రాలేదు. తప్పు ఫొటోగ్రాఫర్‌ది కాదు, నాదే. ఆఫీసులో రిలీజ్ ఉందని, తర్వాత టైమ్ దొరకదని, పెళ్లికి 18 రోజుల ముందే ఫేడ్ కటింగ్ చేయించేసుకున్నాను. ఆ రోజు అద్దంలో చూసుకుంటే సూపర్. ముహూర్తం నాటికి చెవుల పక్కన జుట్టు ఉబ్బిపోయింది. బాసికం దారం కట్టేసరికి దాని కిందా పైనా ఇంకా పొంగి కనిపించింది. పోనీ ముందు రోజు సరిచేయించుకుందామంటే, మా ఇంట్లో పెళ్లికొడుకుని చేశాక తల మీద కత్తెర పడనివ్వరు. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

పెళ్లయ్యాక మళ్లీ కటింగ్‌కి వెళ్లినప్పుడు సెలూన్ అన్నతో ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన నవ్వి, ‘పైన జుట్టు చూసి డేట్ పెట్టుకున్నావ్ తమ్ముడూ, కింద జుట్టు చూసి పెట్టుకోవాలి’ అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే, అదే అసలు సూత్రం అని అర్థమైంది.

లెక్క ఇదీ

తల వెంట్రుకలు సగటున నెలకి ఒక సెంటీమీటరు, లేదంటే కాస్త ఎక్కువ పెరుగుతాయి. అంటే రోజుకి మిల్లీమీటరులో మూడో వంతు. మనిషిని బట్టి కొంచెం తేడా ఉంటుంది. కానీ ఒకే తలలో పైన, పక్కన పెరిగే వేగం దాదాపు ఒకటే.

నా కటింగ్‌లో పైన జుట్టు 6 సెంటీమీటర్లు. 18 రోజుల్లో అది 6.6 అయింది. ఎవరికీ తెలియదు. చెవి పక్కన మాత్రం జీరో కొట్టించాను, అంటే మిల్లీమీటరు లోపే. అది దాదాపు 7 మిల్లీమీటర్లు అయింది. మిషన్‌కి టూ నంబర్ గార్డ్ పెట్టి కొడితే మిగిలేది 6 మిల్లీమీటర్లు. అంటే నేను జీరో అనుకుంటున్న చోట టూ నంబర్ కంటే ఎక్కువ జుట్టుంది!

ఇక్కడ ఒక డౌట్ వచ్చింది. జుట్టంతా సమానంగా పెరిగితే కిందకీ పైకీ ఉన్న తేడా అలాగే ఉండాలి కదా, మరి ఫేడ్ ఎందుకు పోతుంది? తేడా అలాగే ఉంటుంది. పోయేది చర్మం కనిపించడం. ఫేడ్ అందమంతా చర్మం రంగు నుంచి జుట్టు నలుపులోకి మెల్లగా మారడంలోనే ఉంది. మనలాంటి నల్లటి, ఒత్తు జుట్టు నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే చర్మం కప్పేస్తుంది. అప్పుడు కింద 5, పైన 11 ఉన్నా కంటికి రెండూ ఒకే నలుపు. అందుకే జీరో నుంచి మొదలయ్యే ఫేడ్ షార్ప్‌గా ఉండేది వారం, పది రోజులే. రెండు వారాలు దాటితే అది మామూలు కటింగ్.

ఫేడ్ కాకుండా పక్కల కూడా కత్తెరతో రెండు, మూడు సెంటీమీటర్లు ఉంచి చేయించుకునే మామూలు ఆఫీస్ కటింగ్ అయితే నాలుగైదు వారాలు నిలబడుతుంది. నెలకి రెండుసార్లు సెలూన్‌కి వెళ్లడం మీ వల్ల కాదనుకుంటే జీరో అడక్కండి. త్రీ నంబర్‌తో, అంటే సుమారు 10 మిల్లీమీటర్లతో మొదలుపెట్టమనండి. మొదటి రోజు అంత అదిరిపోదు కానీ మూడో వారంలో కూడా పాడవదు.

మధ్యలో మెడ ఒక్కటి

చాలాసార్లు కటింగ్ షేప్ బాగానే ఉంటుంది. మెడ వెనక గీత కింద మొలిచిన నూగే మొత్తం పాడు చేస్తుంది. దాన్ని పది రోజులకోసారి ఇంట్లోనే ట్రిమ్మర్‌తో తీసేయొచ్చు. వెనక అద్దం, చేతిలో ఇంకో చిన్న అద్దం ఉంటే చాలు. గీత కింద ఉన్నది మాత్రమే తీయాలి. గీతని సరిచేద్దామని మొదలుపెడితే ఒకవైపు ఎక్కువై, దానికి సమానంగా రెండో వైపు తీసి, చివరికి గీత రెండు వేళ్లు పైకి ఎక్కుతుంది. అది మళ్లీ పెరిగే దాకా సెలూన్ అన్న కూడా ఏమీ చేయలేడు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

పొడుగు జుట్టుకీ ఇదే సూత్రం

మా ఆవిడది బాబ్ కట్, గడ్డం కిందికి ఉంటుంది. ముందు కనుబొమల మీదికి బ్యాంగ్స్. ఒకే తలలో రెండు డేట్లు అన్నమాట. బ్యాంగ్స్ మూడు వారాల్లో 7, 8 మిల్లీమీటర్లు దిగి కళ్లలో పడతాయి. బాబ్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. టైమ్ అయిందని ఎలా తెలుస్తుందంటే, చివర్లు భుజాన్ని తాకి బయటికి తిరగడం మొదలవుతాయి. దువ్వినా, లోపలికి వంచినా మళ్లీ అటే పోతాయి. భుజం నెడుతోంది కాబట్టి సీరమ్ రాసినా లాభం లేదు. అందుకే ఆమె మూడు వారాలకోసారి బ్యాంగ్స్ వరకే సరిచేయించుకుని, రెండోసారి వెళ్లినప్పుడు బాబ్ కూడా చేయించుకుంటుంది.

లేయర్స్ అయితే అన్నిటికంటే పొట్టి లేయర్‌ని చూడండి. అది గడ్డం దగ్గర మొదలైతే రెండు నెలలకే ముఖం చుట్టూ షేప్ జారిపోతుంది. భుజాల కింద మొదలైతే మూడు నెలలు హాయిగా ఉండొచ్చు.

మా చెల్లిది నడుము దాకా జడ. దానికి పోవడానికి షేప్ ఏమీ లేదు. చివర్లు చిట్లుతున్నాయా అన్నదే చూడాలి. జడ చివర ఎలుక తోకలా సన్నబడితే ట్రిమ్ చేయించాలి. మూడు, నాలుగు నెలలకోసారి ఒకటి, రెండు సెంటీమీటర్లు చాలు. ‘తరచూ కత్తిరిస్తే త్వరగా పెరుగుతుంది’ అని ఆంటీలు చెబుతారు కానీ వెంట్రుక పెరిగేది కుదురు దగ్గర, చివర కాదు. పైగా రెండు నెలల్లో పెరిగేది సుమారు రెండు సెంటీమీటర్లు. రెండు నెలలకోసారి అంతే కత్తిరిస్తే, ఏడాదంతా ఎదురుచూసినా జడ అక్కడే ఉంటుంది.

గుండు నుంచి పెంచేటప్పుడు

పెళ్లయ్యాక మొక్కు తీర్చుకోవడానికి తిరుమలలో గుండు చేయించుకున్నాను. మొదటి రెండు నెలలు సెలూన్ వైపు వెళ్లక్కర్లేదు, ఎలాగూ అంతా ఒకే పొడుగు. మూడో నెలలో పైన ఇంకా పొట్టిగానే ఉండి, మెడ వెనక, చెవుల మీద మాత్రం ఎక్కువగా కనిపించడం మొదలైంది. ఇక్కడ చాలామంది విసుగొచ్చి మొత్తం కటింగ్ చేయించేసి మళ్లీ మొదటికొస్తారు. ‘అన్నా, పైన ముట్టుకోవద్దు. చెవుల చుట్టూ, మెడ వెనక మాత్రం తీయి’ అని చెప్పాలి. ఐదారు వారాలకోసారి ఇలా రెండు మూడుసార్లు చేయిస్తే, ఏడెనిమిది నెలలకి పైన పాత పొడుగు వచ్చేస్తుంది.

మీ డేట్ మీరే కనుక్కోండి

నేను చెప్పిన వారాలు సగటు లెక్కలే. మీకు సరిపోయే నంబర్ కావాలంటే, కటింగ్ చేయించుకున్న మర్నాడు తలస్నానం చేశాక ఎదురు నుంచి, పక్క నుంచి రెండు ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే వెలుగులో ఇంకో రెండు. ఏ ఆదివారం ‘ఇక బాలేదు’ అనిపిస్తుందో, దానికి ముందు ఆదివారమే మీ డేట్. నాకు ఫేడ్‌కి 12 రోజులు వచ్చింది, కత్తెర కటింగ్‌కి నాలుగు వారాలు.

వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. వాడిదీ ఫేడే. పెళ్లికొడుకుని చేసే రోజుకి ముందు రోజు సాయంత్రం సెలూన్‌లో స్లాట్ నేనే బుక్ చేశాను. అమ్మమ్మకి కూడా ముందే చెప్పి ఒప్పించాను.