చిట్టి ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి

చుక్కల గౌను, నీలం జుట్టు, పైకి కట్టిన పిలక. అమూల్ పాప 1966లో సిల్వెస్టర్ డకున్హా బృందం చేతుల్లో పుట్టింది. చూడ్డానికి చిన్నపిల్లే. అయినా క్రికెట్, సినిమా, రాజకీయం ఏదీ వదలకుండా హోర్డింగుల మీద చమత్కరిస్తూనే ఉంది. ఆ చమత్కారం అర్థం కావాలంటే పత్రిక చదివే అలవాటుండాలి. అంటే మాట్లాడేది పాప, వినేది పెద్దవాళ్లు. వెన్న కొనేదీ వాళ్లే కదా.

పిల్లల చిరుతిళ్లు అమ్మేవాళ్లు సోషల్ మీడియాలో ఒక బొమ్మను మాట్లాడించాలనుకున్నప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవాలంటే నియమం ప్రకారం పదమూడేళ్లు నిండాలి. కాబట్టి రాగి జంతికల ప్యాకెట్ ఫొటో కింద రాసేది ఏడేళ్ల బాబు కాదు, వాళ్లమ్మ. గొంతు పిల్లలది కావచ్చు గానీ మాట ఆమెకు చేరాలి.

ఉదాహరణకు రాగి జంతికల బ్రాండ్ ఒకటుందనీ, దాని బొమ్మ ‘చిట్టి’ అనే ఉడుత అనీ అనుకుందాం. ‘సరదాగా ఉంటుంది’ అంటే రాసేవాళ్లకు ఏమీ తెలియదు. చిట్టికి ఆరేళ్లు. దాచిన తిండి ఎక్కడ పెట్టిందో మరిచిపోతుంది. ఉరుమంటే భయం. పిల్లల్ని ‘నువ్వు’ అంటుంది, అమ్మానాన్నల్ని ‘మీరు’ అంటుంది. ఈ నాలుగు సంగతులు కాగితం మీద ఉంటే క్యాప్షన్ దానంతటదే వస్తుంది: ‘పొద్దున మూడు జంతికలు దాచాను. ఇప్పుడు రెండే దొరికాయి. మూడోది నా పొట్టలో ఉందేమో, ఎవరైనా చూసి చెప్పండి!’ మతిమరుపు లాంటి చిన్న లోపం లేకపోతే బొమ్మ వట్టి డప్పుగా మారిపోతుంది. ‘నేనే రుచి, నేనే బలం’ అనే బొమ్మతో ఎవరూ కబుర్లాడరు.

చిట్టి నోట రాకూడని మాటలూ ఉన్నాయి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ‘కొనుక్కో’ అని గానీ ‘అమ్మను అడిగి కొనిపించుకో’ అని గానీ ప్రకటనలో పిల్లలకు నేరుగా చెప్పకూడదు. తింటే తెలివి పెరుగుతుందని ఆధారం లేకుండా అనడమూ కుదరదు. చిలీ అయితే ఇంకా ముందుకెళ్లింది. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు మీరిన ప్యాకెట్ల మీద పిల్లల్ని ఆకట్టుకునే బొమ్మలే ఉండకూడదన్న చట్టం అక్కడ 2016లో అమల్లోకి వచ్చింది. కెలాగ్స్ డబ్బా మీది టోనీ పులికి ఆ దేశంలో చోటు పోయింది.

అసలు పరీక్ష వ్యాఖ్యల దగ్గరే. ‘మావాడు అన్నం ముట్టలేదు, మీ జంతికలు రెండు ప్యాకెట్లు లాగించాడు’ అని ఒక తల్లి రాసిందనుకోండి. చంకలు గుద్దుకుంటూ ‘చూశారా మన దెబ్బ!’ అనాలనిపిస్తుంది. అంటే ఆమెలోని బెంగను వెక్కిరించినట్టే. ‘రెండు ప్యాకెట్లే! నా బుల్లి పొట్టకైతే నాలుగు జంతికలే ఎక్కువ. అన్నానికి కాస్త చోటు ఉంచమని చిట్టి చెప్పిందనండి’ అంటే నవ్వూ ఉంది, పెద్దరికమూ ఉంది.

‘మా పాపకు వేరుశనగ పడదు, ఇవి పెట్టొచ్చా?’ అన్న ప్రశ్న అలాంటిది కాదు. ఇక్కడ ఉడుత పక్కకు తప్పుకోవాలి. సిబ్బందిలో ఒకరు తన పేరుతో, ఎమోజీ లేకుండా, ఉన్న సంగతి చెప్పాలి: ‘ఇందులో వేరుశనగ వేయం. కానీ అదే యంత్రాల మీద పల్లీ చిక్కీ కూడా చేస్తాం. కాబట్టి మీ పాపకు పెట్టవద్దు.’ ఒక ప్యాకెట్ అమ్ముడుపోకపోవచ్చు, పోనివ్వండి.

పాత నూనె వాసన వస్తోందని, పురుగు కనిపించిందని ఫిర్యాదు వచ్చినా అంతే. ‘అయ్యయ్యో, చిట్టి ఏడుస్తోంది’ అని రాస్తే మండుతున్న మనిషి మీద కిరోసిన్ పోసినట్టే. క్షమాపణ అందరికీ కనిపించేలా చెప్పి, ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు మాత్రం ప్రైవేటు సందేశంలో అడగాలి. ఫోన్ నంబరు వ్యాఖ్యల్లో అడగనే కూడదు. ‘నేను నాలుగో తరగతి, నాతో ఫ్రెండ్‌షిప్ చేస్తావా’ అంటూ ఏ చిన్నారైనా బడి పేరు, ఇంటి నంబరు రాసేస్తే ముద్దుగా జవాబిచ్చేముందు ఆ వ్యాఖ్యను కనబడకుండా చేయాలి.

గొంతు చెడిందని ఎలా తెలుస్తుంది? నెల రోజుల జవాబులు అచ్చువేసి వరసగా చదివితే చాలు. సోమవారం చిట్టి ‘మీరు’ అంటుంది, బుధవారం అదే మనిషిని ‘బ్రో’ అంటుంది. అంటే ఇద్దరు ఉద్యోగులు రెండు ఉడుతల్ని పెంచుతున్నారన్నమాట. ‘యమ్మీ’ అన్న జవాబే పదిమందికి వెళ్లి ఉంటే ఉడుత నిద్రపోయింది, కాపీ పేస్టు మేలుకుంది.

ఇంకొక ప్రమాదం ముందే రాసి అమర్చిపెట్టిన పోస్టులతో. విశాఖ తీరానికి తుపాను తాకిన పూట ‘ఉరుమొచ్చింది, నేను దుప్పట్లో దూరాను, మీరూ జంతికలు తెచ్చుకోండి’ అన్న చిలిపి క్యాప్షన్ దానంతటదే బయటికి వెళ్లిపోతుంది. వారం కిందట రాసినప్పుడు అందులో తప్పేమీ లేదు. అందుకే అమర్చిన పోస్టులన్నీ ఒక్కసారిగా ఆపేసే అధికారం ఎవరిదో, సెలవు రోజున ఆ ఫోన్ ఎవరు ఎత్తాలో చిట్టి కాగితం మీద, ఉరుమంటే భయం అన్న వరస కిందే రాసి ఉండాలి.